కరపత్రంలో తొమ్మిది శాతం: చాట్‌బాట్ జవాబు ఏ ఏటిది, ఏ రాష్ట్రానిది?

ఆదోనిలో ఒక సమావేశం కోసం కరపత్రం రాసుకుంటున్నాం. ఎస్సీ వర్గీకరణ తర్వాత మన రాష్ట్రంలో ఎవరి వాటా ఎంత, ఏ కులం ఏ గ్రూపులో ఉంది అన్నది ఆదోని, ఎమ్మిగనూరు డిగ్రీ విద్యార్థులకు ఒకే పేజీలో అర్థమయ్యేలా చెప్పాలన్నది మా ఉద్దేశం. మాలో ఒక తమ్ముడు ఫోన్‌లో చాట్‌బాట్‌ను అడిగి పది నిమిషాల్లో ముసాయిదా తెచ్చాడు. భాష శుభ్రంగా ఉంది. మొదటి గ్రూపుకు 1 శాతం, రెండో గ్రూపుకు 9 శాతం, మూడో గ్రూపుకు 5 శాతం అని రాసి ఉంది. కూడితే 15. మొత్తం 59 కులాలు. లెక్క సరిపోయింది కాబట్టి ప్రెస్‌కు ఇచ్చేద్దామనుకున్నాం. అప్పుడే డీఎస్సీకి చదివిన ఒక అక్క కాగితం తీసుకుని, "తొమ్మిది ఎక్కడిదిరా? మన దగ్గర ఆరున్నర కదా?" అంది.

ఆ తొమ్మిది తెలంగాణది. అక్కడి చట్టంలో అది నిజమే. కానీ ఆదోనిలో పంచే కరపత్రంలో అది అబద్ధం. అచ్చయి ఉంటే ఏమయ్యేదో మాకు తెలుసు. మాదిగ గేరిలో చదివినవాళ్లు "తొమ్మిది రావాల్సింది, ఆరున్నరే ఇచ్చారు" అనుకునేవాళ్లు. మాల గేరిలో చదివినవాళ్లు "మాకు ఐదే మిగిల్చారా" అనేవాళ్లు. లేని అంకె మీద ఉన్న మనుషులు తగాదా పడేవాళ్లు.

వర్గీకరణ మంచిచెడ్డలు చర్చించడానికి ఈ వ్యాసం రాయడం లేదు. దాని మీద మనలోనే భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. అవి ఉండొచ్చు కూడా. కానీ వాదించుకునే ఇద్దరికీ ఒకే సరైన అంకె చేతిలో ఉండాలి. ఇప్పుడు మన విద్యార్థులు ఆ అంకెను ఎక్కువగా చాట్‌బాట్ నుంచే తీసుకుంటున్నారు. అది ఎందుకు తప్పుతుందో, ఎలా తప్పుతుందో, దాన్ని ఎలా సరిదిద్దుకోవాలో మేము ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని చూశాం.

ఒకే ప్రశ్నకు నాలుగు జవాబులు

కరపత్రం ఆపేశాక ఆ సాయంత్రం అందరి ఫోన్లూ బయటికి తీశాం. ఎవరి ఫోన్‌లో ఉన్న చాట్‌బాట్‌ను వాళ్లు అదే ప్రశ్న అడిగారు: "ఎస్సీ వర్గీకరణ అమల్లో ఉందా? ఎవరికి ఎంత?" వచ్చిన జవాబులను పక్కపక్కన పెడితే నాలుగు రకాలుగా తేలాయి.

మొదటి రకం: రాష్ట్రాలకు ఎస్సీలను వర్గీకరించే అధికారం లేదు, సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. రెండో రకం: ఏ గ్రూపుకు 1, బీ గ్రూపుకు 7, సీ గ్రూపుకు 6, డీ గ్రూపుకు 1 శాతం. మూడో రకం: సుప్రీంకోర్టు అనుమతి ఇచ్చింది, ఆంధ్రప్రదేశ్ ఒక కమిషన్ వేసింది, నివేదిక రావాలి. నాలుగో రకం: మా కరపత్రంలోకి వచ్చిన 1, 9, 5.

వింటే నాలుగూ పిచ్చి మాటల్లా ఉంటాయి. కానీ ఒక్కటీ కల్పన కాదు. నాలుగూ ఏదో ఒక రోజున, ఏదో ఒక చోట నిజాలే. వర్గీకరణ చరిత్ర తెలిసినవాళ్లు వాటికి తేదీలు వేయగలరు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1994లో మొదలైన దండోరా ఉద్యమం తర్వాత, 1997లో ప్రభుత్వం ఎస్సీ రిజర్వేషన్‌ను ఏ, బీ, సీ, డీలుగా విభజించింది. రెల్లి తదితర కులాలకు 1, మాదిగ, ఉపకులాలకు 7, మాల, ఉపకులాలకు 6, ఆది ఆంధ్ర తదితరులకు 1. 2000లో దానికి చట్టం చేశారు. కాబట్టి రెండో రకం జవాబు ఆ కాలానిది. 2004 నవంబరు 5న ఇ.వి. చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ చట్టాన్ని కొట్టేసింది. ఎస్సీలంతా ఒకే సజాతీయ వర్గమని, రాష్ట్రం వాళ్లను విడదీయలేదని చెప్పింది. మొదటి రకం జవాబు అక్కడి నుంచి వచ్చింది. దాదాపు ఇరవై ఏళ్లు అదే చట్టం.

2024 ఆగస్టు 1న పంజాబ్ రాష్ట్రం వర్సెస్ దవీందర్ సింగ్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6–1 మెజారిటీతో చిన్నయ్య తీర్పును తోసిపుచ్చింది. ఆ తర్వాత 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విశ్రాంత ఐఏఎస్ అధికారి రాజీవ్ రంజన్ మిశ్రాతో ఏకసభ్య కమిషన్ వేసింది. 2025 మార్చిలో నివేదిక వచ్చింది. మూడో రకం జవాబు ఆ నవంబరుకూ ఈ మార్చికీ మధ్య ఆగిపోయింది.

2025 ఏప్రిల్ 14న తెలంగాణ చట్టం అమల్లోకి వచ్చింది: గ్రూపు 1లో 15 కులాలకు 1 శాతం, గ్రూపు 2లో 18 కులాలకు 9 శాతం, గ్రూపు 3లో 26 కులాలకు 5 శాతం. నాలుగో జవాబు ఇదే. మూడు రోజుల తర్వాత, ఏప్రిల్ 17న, ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్స్ వచ్చింది: గ్రూపు 1లో రెల్లి తదితర 12 కులాలకు 1 శాతం, గ్రూపు 2లో మాదిగ తదితర 18 కులాలకు 6.5 శాతం, గ్రూపు 3లో మాల తదితర 29 కులాలకు 7.5 శాతం.

ఇప్పుడు ఒక విషయం గమనించండి. 1997 లెక్క కూడితే 15. తెలంగాణ లెక్క కూడితే 15. మన 2025 లెక్క కూడినా 15. రెండు రాష్ట్రాల 2025 జాబితాల్లోనూ కులాలు 59. రెండు చోట్లా గ్రూపు 2లో కులాలు 18. అందుకే "కూడి చూశాం, సరిపోయింది" అనుకున్న మేము మోసపోయాం. ఇక్కడ కూడిక పరీక్ష పనికిరాదు. అంకె పక్కన రాష్ట్రం, తేదీ ఉన్నాయా అన్నదే పరీక్ష.

కటాఫ్ అంటే ఏమిటి?

పోటీ పరీక్షలు రాసేవాళ్లకు కటాఫ్ అనే మాట కొత్త కాదు. చాట్‌బాట్‌కు కూడా ఒక కటాఫ్ ఉంటుంది. అది మార్కులది కాదు, తేదీది.

చాట్‌బాట్ వెనక ఉన్న భాషా నమూనాకు శిక్షణ ఇచ్చేటప్పుడు కంపెనీ కోట్ల కొద్దీ పేజీల పాఠ్యాన్ని సేకరించి చదివిస్తుంది. ఆ సేకరణ ఒక తేదీన ఆగిపోతుంది. ఆ తర్వాత శిక్షణ, పరీక్షలు అయ్యి నమూనా మన చేతికి వచ్చేసరికి నెలలు గడుస్తాయి. ఉదాహరణకు 2024 మేలో విడుదలైన జీపీటీ–4ఓ నమూనా కటాఫ్ 2023 అక్టోబరు అని కంపెనీ ప్రకటించింది. 2024 జులైలో వచ్చిన లామా 3.1 కటాఫ్ 2023 డిసెంబరు. అంటే 2024 ఆగస్టు 1న తీర్పు వచ్చిన రోజున, అప్పటికి కొత్తగా వచ్చిన ఈ నమూనాల జ్ఞాపకంలో ఆ తీర్పు ఉండే వీలే లేదు. బయట వెతికే సాధనం లేకపోతే వాటికి చిన్నయ్య తీర్పే చివరి మాట.

నమూనాకు తనకు తెలియదన్న సంగతి కూడా తెలియదు. ఊరు వదిలి సుగ్గికి వెళ్లిన మనిషి, ఊళ్లో ఏం మారిందో తెలియక, వెళ్లిన రోజు ఉన్నట్టే ఊరిని చెబుతాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. తిరిగి వచ్చాక నాలుగు మాటలు వింటే సర్దుకుంటాడు. నమూనా మాత్రం తనంతట తాను తిరిగి రాదు.

కటాఫ్ తేదీ ఒక్కటే చూస్తే సరిపోదు. కటాఫ్ 2024 డిసెంబరు అని రాసి ఉన్న నమూనా కూడా "వర్గీకరణ చెల్లదు" అని చెప్పొచ్చు. కారణం మోతాదు. చిన్నయ్య తీర్పు గురించి ఇరవై ఏళ్లలో రాసిన పాఠ్యపుస్తకాలు, తీర్పులు, వ్యాసాలు, గైడ్లు, ప్రశ్నపత్రాలు లెక్కలేనన్ని. కొత్త తీర్పు గురించి నాలుగు నెలల్లో రాసినవి కొన్నే. నమూనా చదివిన దాంట్లో ఎక్కువసార్లు కనిపించిన మాటే బలంగా మిగులుతుంది. పైగా వెబ్ నుంచి కొత్తగా సేకరించిన మూటల్లో కూడా పాత పేజీలే ఎక్కువ ఉంటాయి. అందువల్ల ఒక్కో విషయంలో నమూనా అసలు జ్ఞానం ప్రకటించిన తేదీ కన్నా ముందే ఆగిపోయి ఉంటుందని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2024లో చూపించారు.

మన ప్రాంతానికి వచ్చేసరికి ఈ లోటు ఇంకా పెద్దది. ఆదోని, ఎమ్మిగనూరు వార్తలు ఎక్కువగా తెలుగు దినపత్రికల జిల్లా పేజీల్లో వస్తాయి. ఆ ఈ–పేపర్ పేజీలు బొమ్మలుగా ఉంటాయి, అక్షరాలుగా కాదు. చాలా జీవోలు స్కాన్ చేసిన కాగితాలే. అదీ కాక, ఆంధ్రప్రదేశ్‌లో జీవోలను అందరికీ కనిపించే వెబ్‌సైట్లో పెట్టడం 2021 ఆగస్టులో ఆపేసి, 2024లో ప్రభుత్వం మారాకనే తిరిగి మొదలుపెట్టారు. చదవడానికి దొరకనిది నమూనాకు తెలిసే మార్గం లేదు. ఢిల్లీ తీర్పు దానికి ఆలస్యంగానైనా తెలుస్తుంది. ఆదోని డివిజన్‌లో వచ్చిన ఉత్తర్వు అసలు తెలియకపోవచ్చు.

మన దగ్గరే ఉన్న కొలబద్ద

మీ ఫోన్‌లోని చాట్‌బాట్ జ్ఞాపకం ఎక్కడ ఆగిందో తెలుసుకోవడానికి "నీ కటాఫ్ ఎప్పుడు?" అని అడిగితే అది చెప్పే తేదీని పూర్తిగా నమ్మలేం. తన గురించి కూడా అది చదివినదాని నుంచే చెబుతుంది. కంపెనీ పేజీలో చూడటం మేలు. లేదా మనకు జవాబు తెలిసిన ప్రశ్న అడిగి కొలవాలి.

వెబ్ వెతుకులాట ఆపి, "ఆదోని ఎమ్మెల్యే ఎవరు?" అని అడగండి. వై. సాయిప్రసాద్ రెడ్డి అంటే దాని జ్ఞాపకం 2024 జూన్ 4కు ముందే ఉంది. పి.వి. పార్థసారథి అంటే ఆ తర్వాతిది కొంత చేరింది. కానీ ఎమ్మిగనూరుతో ఇదే పరీక్ష పెడితే తప్పుదారి పడతాం. 2024లో అక్కడ గెలిచిన బి. జయనాగేశ్వర రెడ్డి 2014లో కూడా గెలిచారు. కాబట్టి నమూనా సరైన పేరు చెప్పినా అది పదేళ్ల నాటి జ్ఞాపకం కావచ్చు. సరైన జవాబు వచ్చినంత మాత్రాన తాజా సమాచారం ఉన్నట్టు కాదు. రెండు సందర్భాల్లో వేరువేరు జవాబులు ఉండే ప్రశ్ననే కొలబద్దగా తీసుకోవాలి.

వెతికినా తప్పెందుకు?

"ఇప్పుడు చాట్‌బాట్లు వెబ్‌లో వెతుకుతున్నాయి కదా" అని మీరు అడగొచ్చు. నిజమే. మా కరపత్రంలోకి తొమ్మిది శాతం తెచ్చిన చాట్‌బాట్ కూడా వెతికే చెప్పింది. కింద లింకులు కూడా ఇచ్చింది. అందుకే దాన్ని విడిగా చూడాలి.

వెతికే సాధనం నాలుగు పనులు చేస్తుంది. ముందు వెతకాలా వద్దా అని నిర్ణయించుకుంటుంది. వెతకాలనుకుంటే మన ప్రశ్నను చిన్న వెతుకుమాటగా మార్చుకుంటుంది. వచ్చిన పేజీల్లో కొన్నింటిని, తరచుగా వాటిలోని ముక్కలను మాత్రమే, చదువుతుంది. చివరికి ఆ ముక్కలను, తన పాత జ్ఞాపకాన్ని కలిపి జవాబు రాస్తుంది. నాలుగు చోట్లా తప్పు దొర్లొచ్చు.

మొదటి చోట: "వర్గీకరణ రాజ్యాంగబద్ధమేనా?" అని అడిగితే అది తనకు బాగా తెలిసిన పాఠంలా కనిపిస్తుంది. వెతకకుండానే చిన్నయ్య తీర్పు అప్పజెబుతుంది. జవాబు కింద లింకు ఒక్కటీ లేకపోతే అది జ్ఞాపకం నుంచి వచ్చిందని అనుకోవాలి.

రెండో చోట: మా తమ్ముడి ప్రశ్నలో రాష్ట్రం పేరు లేదు. తెలుగులో అడిగాడు కాబట్టి తెలుగు రాష్ట్రం అన్నంత వరకే దానికి తెలిసింది. రెండు తెలుగు రాష్ట్రాలు ఉన్నాయి, రెండింటిలోనూ ఒకే నెలలో ఒకే విషయం మీద ఉత్తర్వులు వచ్చాయి. పైగా 2000 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం పేరూ 2025 తెలంగాణ చట్టం పేరూ రెండూ ఎస్సీ రిజర్వేషన్ల హేతుబద్ధీకరణ చట్టాలే. వెతుకుమాట ఎంత వదులుగా ఉంటే అంత కలగాపులగం.

మూడో చోట: వచ్చిన పేజీల్లో ఏది పాతదో ఏది కొత్తదో అది ప్రతిసారీ పట్టించుకోదు. "కమిషన్ నియామకం" అన్న 2024 నవంబరు వార్తకు పాఠకులు ఎక్కువ, అది పైన వస్తుంది. గెజిట్ ప్రకటన స్కాన్ చేసిన పీడీఎఫ్, అది చదవలేకపోవచ్చు. వార్తలో "ప్రస్తుతం", "త్వరలో" అన్న మాటలు ఉంటే, ఆ వార్త రాసిన రోజును వదిలేసి ఈ రోజుకు వర్తించినట్టు చెబుతుంది.

నాలుగో చోట: మేము ఆ జవాబు కింద ఉన్న లింకులు ఒక్కొక్కటే తెరిచాం. మొదటిది ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్స్ వార్తే. కానీ అందులో తొమ్మిది శాతం లేదు. రెండోది తెలంగాణ చట్టం వార్త. అంకెలు అక్కడివి, శీర్షిక ఇక్కడిది. కలిపి కుట్టింది చాట్‌బాట్. లింకు ఉండటం రుజువు కాదు. ఆ లింకు తెరిస్తే ఆ వాక్యం అందులో ఉండటమే రుజువు. దీనికి మాకు పట్టింది అయిదు నిమిషాలు.

తాజా కాగితం మనమే ఇవ్వాలి

చాట్‌బాట్ బాగా చేయగలిగిన పని వేరే ఉంది. చేతిలో కాగితం పెడితే దాన్ని చదివి, విడమరిచి, తేలిక తెలుగులో చెప్పగలదు. జ్ఞాపకం అడగడం మాని కాగితం ఇవ్వడం మొదలుపెడితే తప్పులు చాలా తగ్గుతాయి. కరపత్రాన్ని మేము రెండోసారి ఇలా చేశాం.

ముందు ఆర్డినెన్స్ ప్రతి సంపాదించాం. వార్త కాదు, ప్రభుత్వం ప్రకటించిన పాఠమే. దాని పీడీఎఫ్ నుంచి అక్షరాలు కాపీ అవుతాయా అని చూసుకోవాలి. తెలుగు ప్రభుత్వ కాగితాలు, పత్రికలు చాలావాటిలో అను ఫాంట్లు వాడతారు. తెర మీద చక్కని తెలుగు కనిపిస్తుంది కానీ కాపీ చేసి అతికిస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి. చాట్‌బాట్ ఆ గుర్తుల నుంచి కూడా ఏదో అర్థం ఊహించి నమ్మకంగా చెప్పేస్తుంది. అలాంటప్పుడు ఇంగ్లీషు ప్రతి ఉంటే అది వాడాలి. లేదంటే అవసరమైన పేరాను మనమే టైపు చేయాలి. ఫోటో తీసి ఇచ్చినా చదువుతుంది గానీ, 6.5లో చుక్క ఎగిరిపోయి 65 అవ్వడం లాంటివి జరుగుతాయి. అంకెలను కాగితంతో పోల్చి చూసుకోవాలి.

తర్వాత కొత్త సంభాషణ తెరిచాం. పాత దాంట్లో తొమ్మిది శాతం అన్న మాట ఇంకా ఉంది, అది మళ్లీ జవాబులోకి జారుతుంది. కాగితంలోని పాఠం అతికించి, దాని ముందు ఇలా రాశాం:

```
ఈ రోజు తేదీ: (తేదీ రాయాలి)
రాష్ట్రం: ఆంధ్రప్రదేశ్. తెలంగాణ సమాచారం కలపవద్దు.
కింద ఉన్నది 2025 ఏప్రిల్ నాటి ఎస్సీ వర్గీకరణ ఆర్డినెన్స్ పాఠం.
దీని ఆధారంగా మాత్రమే జవాబు ఇవ్వు.
ఇందులో లేని దానికి "కాగితంలో లేదు" అని చెప్పు.
ప్రతి అంకె పక్కన అది ఉన్న వాక్యాన్ని యథాతథంగా చూపించు.
```

ఇందులో ప్రతి వరుసకూ పని ఉంది. తేదీ ఇవ్వడం వల్ల "త్వరలో" అన్నది గడిచిపోయిందని దానికి తెలుస్తుంది. రాష్ట్రం ఇవ్వడం వల్ల పక్క రాష్ట్రం అంకె రాకుండా ఆపుతాం. "కాగితంలో లేదు" అని చెప్పే దారి ఇవ్వకపోతే, ఖాళీని పాత జ్ఞాపకంతో నింపుతుంది. చివరి వరుస మన తనిఖీ కోసం. వాక్యం చూపించమన్నప్పుడు లేని వాక్యం చూపిస్తే వెంటనే దొరికిపోతుంది.

జవాబు వచ్చాక రెండు ఎదురు ప్రశ్నలు వేశాం. కాగితంలో లేదని మాకు తెలిసిన విషయం ఒకటి అడిగాం. "లేదు" అన్నది. తర్వాత "రెండో గ్రూపుకు 9 శాతం కదా?" అని కావాలనే తప్పు చెప్పాం. 6.5 అని నిలబడింది. ఇక్కడ ఊగిపోయి "అవును, క్షమించండి, 9 శాతమే" అని ఉంటే ఆ జవాబులో ఇంకేదీ నమ్మేవాళ్లం కాదు. మనం గట్టిగా అన్నదానికి తల ఊపడం ఈ యంత్రాలకు ఉన్న అలవాటు. అదే అలవాటు వల్ల, తప్పు కాగితం ఇస్తే తప్పే చక్కగా రాసిస్తుంది. కాగితం నిజమో కాదో చూడటం మన పనే.

రోస్టర్ లెక్కను మాత్రం మేమే చేతితో వేసుకున్నాం. 6.5, 7.5 అన్న అరలు 100 పాయింట్లలో పూర్తి ఉద్యోగాలు కావు. 200 పాయింట్లు తీసుకుంటే గ్రూపు 1కి 2, గ్రూపు 2కు 13, గ్రూపు 3కు 15, మొత్తం 30. ఆర్డినెన్స్ తర్వాత కొద్ది రోజులకే, 2025 ఏప్రిల్ 20న, 16,347 పోస్టుల మెగా డీఎస్సీ నోటిఫికేషన్ ఈ వర్గీకరణతోనే వచ్చింది. ఆ రోజు "వర్గీకరణ చెల్లదు" అన్న జవాబును నమ్మిన అభ్యర్థి తన అవకాశాన్ని తప్పుగా అంచనా వేసుకునేవాడు. అంకె విలువ అక్కడ తెలుస్తుంది.

కాగితానికి కూడా కటాఫ్ ఉంది

మనం ఇచ్చిన కాగితం కూడా ఒక తేదీనాటిదే. ఆర్డినెన్స్ అన్నది శాశ్వత చట్టం కాదు. రాజ్యాంగం 213వ అధికరణ ప్రకారం శాసనసభ తిరిగి సమావేశమైన ఆరు వారాలకు, ఈలోగా చట్టంగా మారకపోతే, దాని గడువు ముగుస్తుంది. కాబట్టి ఏప్రిల్ 2025 కాగితం పట్టుకుని ఇవాళ కరపత్రం వేసేవాళ్లు "దీని స్థానంలో ఏ చట్టం వచ్చింది, దానిలో అంకె, జాబితా మారాయా?" అని గెజిట్‌లో చూసుకోవాలి. ఏ నోటిఫికేషన్‌కు దరఖాస్తు చేస్తున్నామో ఆ నోటిఫికేషన్‌లోని మాటే ఆ ఉద్యోగానికి చివరి మాట.

ఇదే పద్ధతి రేపు ఉపాధి పనుల మీద కూడా కావాలి. కోసిగి నుంచి, పెద్దకడుబూరు నుంచి గుంటూరు మిరప చేలకు సుగ్గికి వెళ్లే కుటుంబాలు "ఊళ్లో ఎన్ని రోజులు పని ఇస్తారు?" అని అడుగుతాయి. 2005 చట్టం ప్రకారం 100 రోజులు. 2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానంలో 125 రోజుల హామీ పేరుతో కొత్త చట్టం ఆమోదించింది. కటాఫ్ అంతకు ముందున్న చాట్‌బాట్ పాత చట్టమే చెబుతుంది. వెతికిన చాట్‌బాట్ 125 అని చెప్పి ఆగిపోతుంది. కానీ చట్టం ఆమోదం పొందిన తేదీ వేరు, అమల్లోకి వచ్చే తేదీ వేరు, మన మండలంలో పని మొదలయ్యే తేదీ వేరు. మూడింటినీ విడివిడిగా అడగాలి. మూడోది మండల ఆఫీసులోనే తెలుస్తుంది.

మరో రెండు జాగ్రత్తలు. ఈ రోజు మనం సరిదిద్దింది రేపు అదే చాట్‌బాట్ మరో విద్యార్థికి చెబుతుందని అనుకోకండి. అతికించిన కాగితం ఆ సంభాషణ వరకే. అందుకే సంఘాలు తమ దగ్గర ఒక చిన్న ఫైలు పెట్టుకోవాలి: విషయం, రాష్ట్రం, అంకె, ఏ కాగితం, ఏ తేదీ, మనం చివరిసారి ఎప్పుడు సరిచూశాం. రెండోది, అతికించే కాగితం ప్రభుత్వ ఉత్తర్వు అయితే ఇబ్బంది లేదు. అట్రాసిటీ కేసు ఎఫ్ఐఆర్, బాధితుల పేర్లు, కుల ధ్రువపత్రం, ఆధార్ మాత్రం అందులో పెట్టకండి. కంపెనీ సర్వర్‌కు చేరిన పేరును మనం వెనక్కి తీసుకోలేం.

కరపత్రం చివరికి రెండు రోజులు ఆలస్యంగా అచ్చయింది. గ్రూపు 2 ఎదురుగా 6.5, గ్రూపు 3 ఎదురుగా 7.5. ఇంతకుముందు మా కరపత్రాల్లో ఎప్పుడూ లేని ఒక వరుస ఈసారి కింద చేర్చాం: "ఆంధ్రప్రదేశ్‌కు మాత్రమే. 2025 ఏప్రిల్ ఆర్డినెన్స్ ఆధారంగా. దరఖాస్తు చేసేముందు నోటిఫికేషన్ చూసుకోండి." ఆ వరుస చేర్చమని పట్టుబట్టింది తొమ్మిది శాతం పట్టుకొచ్చిన తమ్ముడే.